మంద శ్వాసలో నాడీ స్పందన: హెచ్చుతగ్గులు పెరగడానికి కారణాలు

ధ్యానంలో నాడి నెమ్మదించి నిలకడగా ఉంటుందన్నది ప్రచారంలో ఉన్న భావన. 1999లో పెంగ్ బృందం చీ ధ్యానం, కుండలినీ యోగం చేసేవారి హృదయ స్పందనలను పరిశీలించినప్పుడు కనిపించింది వేరు. స్పందన వేగం శ్వాసను అనుసరించి పెద్ద అలలుగా పెరుగుతూ తగ్గుతూ వచ్చింది.

ఇందుకు ప్రధాన కారణం వేగస్ నాడి. ఉచ్ఛ్వాసలో దాని ప్రభావం సన్నగిల్లి గుండె వేగం పెరుగుతుంది, నిశ్వాసలో తిరిగి తగ్గుతుంది. నిమిషానికి 15 శ్వాసలైతే ఒక్కొక్కదానికి 4 సెకన్లే దక్కుతాయి. ఒక దశ ప్రభావం పూర్తికాకముందే మరొకటి మొదలవుతుంది. 6 శ్వాసలైతే 10 సెకన్ల వ్యవధి లభిస్తుంది. రక్తపీడనాన్ని సరిదిద్దే ప్రతిచర్య కూడా దాదాపు 10 సెకన్లకొకసారి డోలనం చెందుతుంది. ఈ రెండు లయలు కలిసినప్పుడు, ఊయలను సరైన క్షణంలో తోసినట్లుగా, కంపన పరిమితి పెరుగుతుంది. ఉదాహరణకు సగటు 70 వద్దే ఉన్నా, 68–72 మధ్య కదిలే నాడి 62–78 మధ్య కదలవచ్చు. సగటును మాత్రమే చూసే పరిశోధకునికి ఈ మార్పు కనిపించదు.

విశ్లేషణలో మరో పొరపాటుకూ అవకాశముంది. సాధారణ శ్వాస తరంగం 0.25 హెర్ట్జ్ వద్ద, అధిక పౌనఃపున్య పట్టీలో ఉంటుంది. మంద శ్వాసలో అది 0.1 హెర్ట్జ్‌కు, అంటే అల్ప పౌనఃపున్య పట్టీలోకి జారుతుంది. దాంతో అల్ప, అధిక పట్టీల నిష్పత్తి పెరుగుతుంది. దానిని ఒత్తిడికి సూచికగా తీసుకుంటే, విశ్రాంతిలో ఉన్న సాధకుడే ఆందోళనలో ఉన్నట్లు తేలుతుంది! అందువల్ల శ్వాస రేటును విడిగా నమోదు చేయాలి; ధ్యానం లేకుండా అదే రేటుతో శ్వాసించే నియంత్రణ బృందాన్నీ పరీక్షించాలి. అప్పుడే ధ్యాన ప్రభావమేదో, కేవల శ్వాస ప్రభావమేదో వేరు చేయడం సాధ్యమవుతుంది.