పేరు మారినా వెంటవచ్చే కరెంటు బకాయి

ఫ్లాటు కొన్నారు, కరెంటు సర్వీసు మీ పేరుకు మారింది. తీరా మొదటి బిల్లు చూస్తే, అంతకుముందు అద్దెకున్నవాళ్లు కాల్చిన యూనిట్లు కూడా అందులోనే ఉన్నాయి. బకాయిలు లేవని చూశాకే కదా పేరు మార్చారు?

చూసింది ఆనాటికి వేసిన బిల్లుల వరకే. చివరి రీడింగ్ తీసిన రోజు నుంచి తాళాలు మీ చేతికొచ్చే దాకా కాలిన కరెంటుకు అప్పటికింకా బిల్లే పుట్టలేదు. ఉదాహరణకు చివరి రీడింగ్ 8,412, తాళాలిచ్చిన రోజు మీటరులో 8,790, తర్వాతి బిల్లుకు 8,930 ఉందనుకుందాం. మొత్తం 518 యూనిట్లలో 378 పాతవాళ్లవి, 140 మీవి. బిల్లు 4,000 రూపాయలైతే పాతవాళ్ల వాటా సుమారు 2,920. మీ 140 యూనిట్లకు విడిగా లెక్కకడితే కుదరదు. పాతవాళ్ల వాడకం వల్లే బిల్లు పై శ్లాబులోకి వెళ్లింది కాబట్టి, మొత్తాన్ని యూనిట్ల నిష్పత్తిలో పంచడమే న్యాయం. ఈ లెక్కకు ఆధారం తాళాలు తీసుకున్న రోజు తీసిన మీటరు ఫొటో. అది లేకపోతే వాదన నిలవదు.

అసలు చిక్కు పాత నెలల బకాయితో. 2006 నాటి విద్యుత్ సరఫరా నిబంధనల్లో 8.4వ క్లాజు ప్రకారం ఆస్తి అమ్మేవారే బకాయిలు తీర్చాలి. తీర్చకపోతే ఆ ఇంటికి సరఫరా నిరాకరించే అధికారం డిస్కంకు ఉంది. బ్యాంకు వేలంలో ఆస్తి కొన్న శ్రీగ్ధా బెవరేజెస్‌తో తెలంగాణ దక్షిణ డిస్కంకు వచ్చిన వివాదంలో 2020లో సుప్రీంకోర్టు డిస్కం వైపే నిలిచింది. బకాయి దానంతటదే ఆస్తిపై భారం కాదనీ, నిబంధన ఉంటే మాత్రం కొత్త యజమానిని అడగవచ్చనీ 2023లో కె.సి. నైనన్ కేసులో మరింత విడమర్చింది. అంటే డిస్కం మిమ్మల్ని అడగగలదు, మీరు అమ్మినవారి దగ్గర రాబట్టుకోవాలి. వారు తమ అద్దెదారు అడ్వాన్సులోంచి మినహాయించుకుంటారు. సేల్ డీడ్‌లో ‘రిజిస్ట్రేషన్ తేదీ వరకు కరెంటు బకాయిలన్నీ అమ్మకందారువే’ అన్న ఒక్క వాక్యం రాయించుకుంటే ఈ వసూలు చాలా తేలికవుతుంది.

మీరు కొనకుండా అద్దెకే దిగి, సర్వీసు ఓనరు పేరునే ఉంటే పాత బకాయి పూర్తిగా ఓనరుదే. కరెంటు తీసేస్తారన్న భయంతో మీరు కట్టాల్సి వస్తే, అద్దెలో మినహాయిస్తానని ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

బకాయి లెక్కే తప్పనిపిస్తే డిస్కం కార్యాలయంలో ఆ సర్వీసు నంబరు మీద నెలవారీ ఖాతా అడగండి. ఏ నెలలో ఎంత చేరిందో అందులో తెలుస్తుంది. రెండేళ్లు దాటిన మొత్తాన్ని వరుసగా బిల్లుల్లో బకాయిగా చూపిస్తూ రాకపోతే, విద్యుత్ చట్టం 56(2) ప్రకారం దానికోసం కనెక్షన్ తీయకూడదు. తీసే ముందు కూడా 15 రోజుల రాతపూర్వక నోటీసు తప్పనిసరి. వివాదం తేలేలోపు సరఫరా ఆగకూడదనుకుంటే, అడిగిన మొత్తం గానీ గత ఆరు నెలల సగటు ప్రకారం లెక్కించిన మొత్తం గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ కట్టి, వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లవచ్చు.