అత్తగారి మాట, ఆలుమగల మాట

చిలకలూరిపేట దగ్గరి ఒక పల్లెలో మేము ఎరిగిన దంపతులున్నారు. భర్త ఒక్కగానొక్క కొడుకు. తండ్రి పోయాక తల్లే పదిహేనేళ్లు సేద్యం నడిపింది. విత్తనం మొదలు పిల్లవాడి బడి వరకు ఆమె మాటే చెల్లేది.

ఒక ఏడు కల్లంలో 40 టిక్కీల మిర్చి ఎండింది. సగం గుంటూరు యార్డులో అమ్మి కమీషన్ వ్యాపారి అప్పు తీర్చాలని, మిగతా సగం కోల్డ్ స్టోరేజీలో పెట్టాలని రాత్రి ఇద్దరూ అనుకున్నారు. తెల్లవారి తల్లి, "అంతా స్టోరేజీకే తోలరా, ధర పెరుగుద్ది" అంది. కొడుకు, "మీ కోడలు అమ్మమంటోందమ్మా" అని నసిగి, చివరికి సరేనన్నాడు. లారీ కదిలాకే భార్యకు తెలిసింది. ఆ ఏడు ధర నిజంగానే పెరిగింది. అయినా ఆ ఇంట్లో వారం రోజులు మాటల్లేవు.

మేము వెళ్లి కూర్చున్నప్పుడు అతడు, "అమ్మ బాధపడుతుందని ఒప్పుకున్నానండీ" అన్నాడు. అమ్మ మాట వినడం తప్పు కాదు. "మీ కోడలు" అనడమే తప్పు. ఇద్దరూ కలిసి అనుకున్నదాన్ని భార్య ఒక్కదాని మీదికి నెట్టాడు. ఆనాటి నుండి అత్తగారి కోపమంతా కోడలి మీదే. నిర్గమకాండము 18వ అధ్యాయములో యిత్రో అల్లుడైన మోషేకు మంచి సలహా చెప్పి, తన దేశానికి వెళ్లిపోయాడు. సలహా మామది, నిర్ణయం అల్లుడిది.

అందుచేత ఎవరి తల్లికి వారే చెప్పాలన్నాము. అది కూడా "మేము అనుకున్నాం" అని చెప్పాలి. ఆమె ఉన్నట్టుండి అడిగితే, "రాత్రికి మాట్లాడుకుని పొద్దున చెబుతామమ్మా" అనాలి. పొద్దున తప్పక చెప్పాలి, లేకుంటే దాస్తున్నారనుకుంటుంది. విత్తనం, పురుగుమందు సంగతుల్లో ఆమె అనుభవం పెద్దది గనుక నిర్ణయానికి ముందే అడగాలి. ఆమె పేరున్న అరెకరం, ఆమె పింఛను ఆమె ఇష్టం. అప్పు, అమ్మకం, పిల్లవాడి చదువు మాత్రం వీరిద్దరివి. (పుట్టింటికి ఫోను చేసి అన్నీ తల్లితో తేల్చుకునే కోడళ్లకూ ఇదే వర్తిస్తుంది.)

మొదటిసారి అతడలా చెప్పిన రాత్రి తల్లి అన్నం తినలేదు. కూతురికి ఫోను చేసి ఏడ్చింది. కొడుకు మెత్తబడబోయాడు. అక్కడే చాలామంది జారిపోతారు. ఒకసారి అలిగితే మాట మారుతుందని తెలిస్తే, అలక ఆగదు. కోడలు కంచంలో అన్నం పెట్టుకెళ్లి, "తినండి అత్తయ్యా" అని మాత్రం అంది. మిర్చి ఊసు ఎత్తలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి ఆమె తిన్నది.

మరుసటి ఏడు కోతలప్పుడు మేము ఆ కల్లం దగ్గరే ఉన్నాము. "సగం యార్డుకు తోలుతున్నామమ్మా" అన్నాడు కొడుకు. ఆమె కాసేపు ఊరుకుని, "గోతాలు సరిపోతయ్యో లేదో చూసుకోండి" అంది.