సాలగ్రామంలో సముద్రం

సాలగ్రామాన్ని పూజించే ఇళ్లు మన వైపు చాలానే ఉన్నాయి. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే ఆ నల్లరాతిలో కనిపించే చక్రం నిజానికి అమోనైట్ అనే ప్రాణి గుల్ల అచ్చు. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన జీవి అది. దాన్ని పొదువుకున్న రాతిపొరలు ఇప్పుడు ముక్తినాథ్ ప్రాంతంలో, సముద్రమట్టానికి మూడు వేల మీటర్ల పైన ఉన్నాయి. సముద్రం అంత ఎత్తు ఎక్కలేదు, దాని అడుగే పైకి లేచింది. లేపింది మన కాళ్ల కింద ఉన్న పలక.

భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. దాదాపు వంద కిలోమీటర్ల మందం ఉండే రాతి పలకలుగా పగిలి ఉంది. వాటి కింద కరిగిన లావా సముద్రం ఉంటుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. అక్కడున్న మాంటిల్ కూడా గట్టి రాయే. కాకపోతే బాగా వేడెక్కి ఉండడంతో లక్షల ఏళ్ల మీద మెల్లగా సాగుతుంది. దాని మీద పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంటాయి.

భారత పలక ఒకప్పుడు దక్షిణార్ధగోళంలో ఆఫ్రికా, అంటార్కిటికాలతో కలిసి ఉండేది. విడిపోయి ఉత్తరానికి వచ్చి, సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొట్టింది. మధ్యలో ఉన్న టెథిస్ సముద్రం మూసుకుపోయింది. పెనం మీద దోసెను అట్లకాడతో ఒక పక్క నుంచి తోస్తే ముడతలు పడి మీద మీదకి ఎక్కుతుంది కదా, సముద్రపు అడుగు పొరలూ, మన పలక పైభాగం ముక్కలూ అలాగే ఒకదాని మీదకి ఒకటి ఎక్కి హిమాలయాలయ్యాయి.

ఆ తోపు ఇంకా ఆగలేదు. భారత పలక ఏటా జరిగే దూరంలో దాదాపు 2 సెంటీమీటర్లను హిమాలయాలే భరిస్తున్నాయి. అయితే కిందికి దూరే పలక నున్నగా జారదు. వానకి ఉబ్బిన తలుపును తెరవబోతే ఏమవుతుంది? తోసేకొద్దీ చెక్క కాస్త వంగుతుంది కానీ కదలదు, ఉన్నట్టుండి ఒక్క కుదుపుతో తెరుచుకుంటుంది. రెండు పలకల మధ్య రాపిడి వల్ల అతుక్కున్న చోట రాయి కూడా అలాగే వంగుతూ, పట్టు తప్పిన క్షణాన జారుతుంది. ఆ కుదుపే భూకంపం.

కఠ్మాండూ పరిసరాల్లో 1833లో పెద్ద భూకంపం వచ్చింది. మళ్లీ అంతటిది 2015 ఏప్రిల్ 25న, 7.8 తీవ్రతతో వచ్చింది. మధ్యలో 182 ఏళ్లు. ఏటా 2 సెంటీమీటర్ల లెక్కన పోగుపడింది మూడున్నర మీటర్ల పైమాట. ఆ రోజు నేల లోపల పలక జారింది కూడా కొన్ని మీటర్లే. జారిన మేర కఠ్మాండూ లోయ దాదాపు మీటరు పైకి లేచింది. లెక్క ఇంత చక్కగా కుదిరినా తేదీ మాత్రం చెప్పదు. ఎంత బాకీ పేరుకుందో తెలుస్తుంది, ఎప్పుడు తీరుతుందో తెలియదు. పైగా 2015లో తీరింది ఒక ముక్క బాకీయే. దానికి పడమటి వైపు చాలా భాగం శతాబ్దాలుగా బిగుసుకునే ఉంది.

మరి ఇంత రాపిడి ఉన్న హిమాలయాల్లో అగ్నిపర్వతాలు ఎందుకు లేవు? దానికి జవాబు అదే పలక తూర్పు అంచున, అండమాన్‌లో దొరుకుతుంది. అక్కడ కిందికి దిగేది సముద్రపు పలక. బరువైనది, నీటిలో నానినది. సుమారు వంద కిలోమీటర్ల లోతుకి వెళ్లాక ఒత్తిడికి, వేడికి దాని ఖనిజాల్లోని నీరు బయటికొచ్చి పైనున్న మాంటిల్‌లోకి చేరుతుంది. ఐసులో ఉప్పు వేస్తే ఐసు సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నా కరుగుతుంది కదా, నీరు తగిలిన మాంటిల్ రాయి కూడా అంతే, మామూలుగా కరగాల్సిన దానికన్నా తక్కువ వేడికే కరగడం మొదలెడుతుంది. ఆ ద్రవం తేలికగా ఉండి పైకి వస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌కి ఈశాన్యంగా ఉన్న బారెన్ ద్వీపం అలా పుట్టినదే. చాలాకాలం నిద్రపోయి 1991లో మళ్లీ లావా కక్కింది. హిమాలయాల కింద దూరుతున్నది మందపాటి, తేలికైన ఖండపు రాయి. అది అంత లోతుకి మునగదు, అలా నీరు వదలదు. అందుకే అక్కడ కొండలున్నాయి, నిప్పు లేదు.

అండమాన్ అంచు కూడా బిగుసుకుంటుంది. 2004 డిసెంబర్ 26న సుమత్రా నుంచి అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్ల మేర ఒకే విడతలో జారింది. సముద్రపు అడుగు లేచి పైనున్న నీటినంతా ఎత్తింది. కొద్ది గంటల్లో ఆ అలలు మన కోస్తాకీ వచ్చాయి.

2024 డిసెంబర్ 4న ములుగు ప్రాంతంలో నేల ఊగినప్పుడు మాత్రం ఈ కథ సరిపోలేదు. ఆ 5.3 తీవ్రత భూకంపానికి దగ్గర్లో పలక అంచేమీ లేదు. అయితే గోదావరి లోయలో కోట్ల ఏళ్ల కిందట నేల చీలబోయి ఆగిపోయిన పాత పగుళ్లున్నాయి. పలక అంచుల దగ్గరి ఒత్తిడి లోపలిదాకా పాకి, అలాంటి బలహీనమైన చోట్లను నొక్కుతుంది. 1969లో భద్రాచలం కంపించిందీ ఈ లోయలోనే. ఇక్కడ ఏటా జరిగే కదలిక కొలవడానికి కూడా అందనంత తక్కువ. కాబట్టి నేపాల్‌కి వేసిన బాకీ లెక్క గోదావరి లోయకి వేయలేం.