చెల్లాచెదురుగా ఉన్న ఆకులన్నిటినీ ఒక్కసారే ఎంచుకుని, మధ్యలోదంతా తీసేయడం ఎలా?



దసరా గోడపత్రిక కోసం ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఆకులు పోగుచేస్తున్నారు. మన చంద్రపూర్‌లో మరాఠీ ఇళ్లవాళ్లు ఆప్టా ఆకును 'సోనం' అని చేతిలో పెడతారు. మన తెలుగు ఇళ్లలో జమ్మి ఆకే బంగారం. రెండూ ఒకే పేజీలో ఉండాలని పిల్లల కోరిక. ఒక చార్టు మీద ఆకులన్నీ పరిచి ఫొటో తీయడం సులువే. తర్వాత ఆకులు మాత్రం మిగిలి, వాటి మధ్యనున్న చార్టంతా పోవాలి. అక్కడే పని ఆగిపోతోంది. ఒక్కో ఆకు చుట్టూ మౌస్‌తో గీత గీస్తూ కూర్చుంటే పది ఆకులకే గంట గడుస్తుంది. జమ్మి రెమ్మల విషయంలో ఆ పద్ధతి అసలు కుదరదు.

కిటుకు ఒక్కటే. ఆకుల్ని ఎంచుకోవద్దు, చార్టునే ఎంచుకోవాలి. ఆకులు నలభై రకాల రంగుల్లో ఉంటాయి: పచ్చనివి, పండినవి, అంచులు ఎండినవి. చార్టు రంగు మాత్రం ఒక్కటే. దాన్ని పట్టుకుని ఎంపికను తిరగేస్తే ఆకులన్నీ వాటంతట అవే చేతికొస్తాయి. మన కంప్యూటర్ గదిలో ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో ఇదంతా చేయొచ్చు.

ముందు ఫొటో సంగతి. తెల్ల చార్టు వద్దు, నీలం చార్టు వాడండి. మన ఆకుల్లో ఉండేది ఆకుపచ్చ, పసుపు, గోధుమ రంగులు. నీలం వాటిలో దేనికీ దగ్గర కాదు. ఆకులు ఒకదానికొకటి తగలకుండా పరచండి. ఫ్లాష్ ఆపి, కిటికీ పక్కన వెలుతురులో తీయండి. ఫొటోను వాట్సాప్‌లో పంపకుండా కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. ఎందుకో కింద చెబుతాను.

గింప్‌లో ఫొటో తెరవగానే Layer > Transparency > Add Alpha Channel నొక్కాలి. ఈ మెట్టు మరిచిపోతే, తర్వాత చెరిపినచోట ఖాళీ రాదు, అప్పటికి బ్యాక్‌గ్రౌండ్‌గా ఉన్న రంగు నిండుతుంది. చాలామంది "డిలీట్ నొక్కితే తెల్లగా అయిందేంటి సార్" అని అడిగేది ఇందుకే.

తర్వాత Shift+O నొక్కితే రంగును బట్టి ఎంచుకునే పనిముట్టు వస్తుంది. దీని పక్కనే U అక్షరంతో వచ్చే మంత్రదండం లాంటిది ఇంకొకటి ఉంది. అది క్లిక్ చేసిన చోటికి ఆనుకుని ఉన్న భాగాన్నే పట్టుకుంటుంది. రెండు రెమ్మల మధ్య చిక్కుకుపోయిన చిన్న ఖాళీ దానికి అందదు. Shift+O పనిముట్టు మాత్రం బొమ్మలో ఆ రంగు ఎక్కడున్నా పట్టేస్తుంది. మనకు కావాల్సింది అదే.

పనిముట్టు ఆప్షన్లలో Select by అన్నచోట HSV Hue పెట్టండి. ఆకు నీడ పడినచోట నీలం ముదురవుతుందే గానీ వేరే రంగుగా మారదు. Hue అంటే ఆ రంగు జాతి. నలుపు తెలుపుల పాలు దాని లెక్కలోకి రాదు. అందుకే నీడ కూడా చార్టుతోపాటే ఎంపికలోకి వచ్చేస్తుంది. Threshold 15తో మొదలుపెట్టి చార్టు మీద క్లిక్ చేయండి. అక్కడక్కడ నీలం మిగిలిపోతే 25, 30 దాకా పెంచండి.

ఇప్పుడు Ctrl+I నొక్కితే ఎంపిక తిరగబడుతుంది. ఇకపై ఎంపికలో ఉన్నవి ఆకులు. కానీ ఇంకా తొందరపడి చెరపొద్దు. ఇక్కడ రెండు లోపాలుంటాయి.

ఒకటి, ఆకుల్లో చిల్లులు. ఆప్టా ఆకు మీద ఆకాశం వెలుగు పడి మెరిసినచోట కాస్త నీలిఛాయ వస్తుంది. గింప్ దాన్ని చార్టే అనుకుంటుంది. Select > Remove Holes నొక్కితే ఆ చిల్లులన్నీ పూడిపోతాయి. అయితే అది గుడ్డిగా పూడుస్తుంది. పురుగు తిన్న నిజమైన రంధ్రాన్నీ పూడ్చేస్తుంది. రెండు ఆకులు తగిలి వలయంలా ఏర్పడితే, లోపలి చార్టునూ ఆకుగానే లెక్కేస్తుంది. ఆకులు తగలకుండా పరచమన్నది అందుకే. మన పేజీ సైన్సు వాళ్లు కూడా చూసేది కాబట్టి పురుగు తిన్న రంధ్రం రంధ్రంగానే కనబడాలి. Shift+Q నొక్కండి. ఎంపికలో లేనిదంతా ఎర్రటి పొరతో కప్పబడుతుంది. బ్రష్‌తో నల్లరంగు ఆ రంధ్రం మీద రాస్తే అది ఎంపికలోంచి బయటికి పోతుంది. మళ్లీ Shift+Q నొక్కితే మామూలు స్థితికి వస్తారు.

రెండోది ధూళి. చార్టు మీద పడిన నలకలు కూడా చిన్న చిన్న ఆకుల్లా ఎంపికలోకి వస్తాయి. దీనికి Select > Shrink లో 2 ఇచ్చి, వెంటనే Select > Grow లో 1 ఇవ్వండి. 2 అంటే ప్రతి అంచు నుంచి రెండు పిక్సెళ్లు లోపలికి తగ్గడం. అంటే 4 పిక్సెళ్ల వెడల్పుకు మించని నలక పూర్తిగా మాయమవుతుంది. అది మళ్లీ పెరగడానికి అక్కడేమీ ఉండదు. ఆకులు మాత్రం దాదాపు మునుపటి కొలతకు వస్తాయి. 2 తగ్గించి 1 మాత్రమే పెంచాం కాబట్టి అంచున అంటుకున్న నీలిగీత కూడా పోతుంది.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో లెక్క వేసి చూద్దాం. ఏ3 చార్టు పొడవు 420 మిల్లీమీటర్లు. ఫోటో 4000 పిక్సెళ్ల పొడవుంటే ఒక మిల్లీమీటరుకు సుమారు తొమ్మిదిన్నర పిక్సెళ్లు. జమ్మి రెమ్మ కాడ అర మిల్లీమీటరు మందం ఉందనుకుంటే దాదాపు 5 పిక్సెళ్లు. Shrink 2 తర్వాత సన్నటి గీతగా బతికి, Grow తో కాస్త కోలుకుంటుంది. అదే ఫోటో కుదించబడి 1600 పిక్సెళ్లకు వస్తే కాడ 2 పిక్సెళ్లే. నలకలతోపాటు అదీ పోతుంది, చిట్టి ఆకులు ఒకదానికొకటి సంబంధం లేకుండా గాలిలో తేలుతున్నట్టు కనబడతాయి. అలా కనబడిందంటే ఫోటో చిన్నదైపోయిందని గుర్తు. అసలు ఫోటో తెచ్చుకోండి. కుదరకపోతే Shrink వదిలేసి, నలకల్ని Shift+Q లో నల్లరంగుతో తుడవండి.

ఇక Ctrl+I తో ఎంపికను మళ్లీ చార్టు వైపు తిప్పి Delete నొక్కండి. చదరంగం గళ్లలా కనబడినదంతా ఖాళీ. గళ్ల మీద లోపాలు సరిగా తెలియవు. అందుకని అడుగున కొత్త లేయర్ వేసి నలుపు నింపి చూడండి, తర్వాత తెలుపు నింపి చూడండి. మిగిలిపోయిన నీలిఛాయ నలుపు మీద, తెగిపోయిన ముదురు కాడలు తెలుపు మీద బయటపడతాయి. అంతా బాగుంటే ఆ లేయర్ తీసేసి Ctrl+Shift+E తో PNG గా భద్రపరచండి. JPG లో ఖాళీ నిలవదు, మళ్లీ రంగు నిండిపోతుంది.

ఆకులు పట్టుకొచ్చే పిల్లలు నీలం చార్టు కూడా తెచ్చుకోవాలి. జమ్మి రెమ్మలు వాడితే చిట్టి ఆకులు రాలిపోతాయి కాబట్టి కోసిన రోజే ఫొటో తీసేయాలి.

– ప్రధానోపాధ్యాయుడు