శాతంలో గెలుపు, రూపాయల్లో సరిసమానం

నెలనెలా ఒకే మొత్తం మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్ గురించి ఇప్పుడు కొత్తగా చెప్పాల్సింది లేదు. జీతం పడిన మూడో రోజునో ఐదో రోజునో పదివేలు ఖాతాలోంచి వాటంతటవే వెళ్లిపోతాయి. మార్కెట్ ఎక్కినా, దిగినా, మనకు ఆ సంగతి తెలియకపోయినా పని ఆగదు. ఈ పద్ధతికి కాస్త తెలివైన అన్నగారు ఒకరున్నారని అంటుంటారు. పేరు వ్యాల్యూ ఏవరేజింగ్. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో పాఠాలు చెప్పిన మైఖేల్ ఎడల్సన్ 1988లో దీన్ని ఒక వ్యాసంలో ప్రతిపాదించి, తర్వాత పుస్తకంగా విస్తరించారు.

ఇందులో స్థిరంగా ఉండేది మనం వేసే డబ్బు కాదు, ఫండ్‌లో ఉండాల్సిన విలువ. మొదటి నెలాఖరుకు పదివేలు, రెండో నెలకు ఇరవై వేలు, మూడో నెలకు ముప్ఫై వేలు ఉండాలని ముందే గీత గీసుకుంటాం. ప్రతి నెలా చేతిలో ఉన్న యూనిట్లను ఆ రోజు ఎన్‌ఏవీతో గుణిస్తే ఇప్పటి విలువ వస్తుంది. గీతకు ఎంత తక్కువ పడితే అంత వేస్తాం. గీత దాటిపోతే ఆ నెల ఏమీ వేయం, అసలు పద్ధతి ప్రకారమైతే మిగులును అమ్మేస్తాం కూడా. ధర పడినప్పుడు ఎక్కువ, పెరిగినప్పుడు తక్కువ కొనడమన్నమాట. వినగానే సబబుగా అనిపిస్తుంది. లెక్క వేసి చూసినవాళ్లు కూడా సాధారణంగా దీనికే ఎక్కువ రాబడి వచ్చిందని చెబుతారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ ‘ఎక్కువ’ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

ఒక చిన్న మార్కెట్‌ను ఊహించుకుందాం. ప్రతి నెలా అది 20 శాతం పెరుగుతుంది, లేదా 20 శాతం పడుతుంది. రెండింటికీ సమాన అవకాశం, నిన్నటి దానితో రేపటికి సంబంధం లేదు. ఇలాంటి చోట ఏ తెలివికీ లాభం రాదని ముందే తెలుసు. రెండు నెలల ఆటలో నాలుగు దారులే ఉంటాయి. పెరిగి పెరగడం, పెరిగి పడటం, పడి పెరగడం, పడి పడటం.

సిప్ చేసే వ్యక్తి మొదట పదివేలు, నెల తర్వాత మరో పదివేలు వేస్తాడు. రెండో నెల చివర అతని ఫలితాలు వరుసగా 32 శాతం లాభం, 12 శాతం నష్టం, 8 శాతం లాభం, 28 శాతం నష్టం. నాలుగూ కలిపితే సున్నా.

రెండో వ్యక్తి కూడా పదివేలతోనే మొదలుపెడతాడు. నెల తర్వాత తన విలువ ఇరవై వేలు కావాలి. మార్కెట్ పెరిగి పదివేలు పన్నెండు వేలైతే ఎనిమిది వేలు చాలు. పడి ఎనిమిది వేలైతే పన్నెండు వేలు వేయాలి. అతని ఫలితాలు 33.3 శాతం లాభం, 11.1 శాతం నష్టం, 9.1 శాతం లాభం, 27.3 శాతం నష్టం. నాలుగు దారుల్లోనూ సిప్ కంటే మెరుగే! సగటున ఒక శాతం లాభం కనిపిస్తోంది.

ఇప్పుడు శాతాలు పక్కన పెట్టి రూపాయలు లెక్కపెట్టండి. అతనికి వచ్చినవి ఆరు వేల లాభం, రెండు వేల నష్టం, రెండు వేల లాభం, ఆరు వేల నష్టం. కూడితే సున్నా. సిప్ మనిషికీ సున్నానే. ఒక్క రూపాయి కూడా అదనంగా పుట్టలేదు. మరి శాతం ఎలా పెరిగింది? మొదటి నెల బాగుంటే రెండో వ్యక్తి తర్వాత తక్కువ వేస్తాడు కాబట్టి, ఆ లాభాన్ని చిన్న మొత్తంతో భాగిస్తున్నాం. బాగోకపోతే ఎక్కువ వేస్తాడు, అప్పుడు నష్టాన్ని పెద్ద మొత్తంతో భాగిస్తున్నాం. అంటే లాభం పెద్దదిగా, నష్టం చిన్నదిగా కనిపించేలా భాగహారమే వంగిపోయింది. లండన్‌లోని అప్పటి కాస్ బిజినెస్ స్కూల్‌కు చెందిన సైమన్ హేలీ చూపించింది ఇదే. ఫండ్ యాప్‌లు చూపే ఎక్స్‌ఐఆర్‌ఆర్ లాంటి లెక్కలు ఈ పద్ధతికి తెలియకుండానే మార్కులు వేస్తాయి, చివరికి చేతికొచ్చే సొమ్ము మాత్రం ఆ మేరకు పెరగదు.

అయితే పూర్తిగా బూటకమేనా అంటే, కాదు. మార్కెట్ బాగా పడి మళ్లీ పాత చోటికి లేస్తే, అడుగున ఎక్కువ కొన్నవాడికి నిజమైన రూపాయలే మిగులుతాయి. అలా పడి లేచే స్వభావం ఎంత ఉంటే అంత ప్రయోజనం. కానీ ఏ పతనం త్వరగా లేస్తుందో, ఏది ఏళ్ల తరబడి నేలమీదే ఉంటుందో ముందుగా తెలియదు. మార్కెట్ ఏకబిగిన పైకి పోతుంటే ఈ పద్ధతి నెలనెలా కొనుగోలు తగ్గిస్తుంది, మిగిలిన డబ్బు సేవింగ్స్ ఖాతాలో కునుకు తీస్తుంది.

చేసేవాళ్లకు అసలు కష్టం నెలకోసారి చేసే గుణకారం కాదు. అది పది నిమిషాల పని. కష్టం పక్కన ఉంచాల్సిన డబ్బుది. 2020 జనవరి మధ్యలో 12,362 దగ్గర ముగిసిన నిఫ్టీ మార్చి 23 నాటికి 7,610కి పడింది. దాదాపు 38 శాతం. అప్పటికి ఇండెక్స్ ఫండ్‌లో ఇరవై లక్షలు చేర్చుకున్న మనిషిని గీత అడిగేది పదివేలు కాదు, ఏడున్నర లక్షలకు పైనే. పైగా ఆ వారాల్లోనే లాక్‌డౌన్ మొదలైంది, జీతాల కోతలు, ఉద్యోగ భయాలు. అంత సొమ్ము లిక్విడ్ ఫండ్‌లో సిద్ధంగా ఉంచుకున్నవాడే నిలబడతాడు. అలా ఉంచినవాడు అన్నేళ్లూ దాని మీద తక్కువ రాబడి తీసుకుని ఉంటాడు, ఆ లోటును ఎవరూ లెక్కలో రాయరు.

ఇంకో చిక్కు గీతలోనే ఉంది. నెలకు పదివేల చొప్పున పెరిగే గీత ఎనిమిదేళ్ల నాలుగు నెలలకు పది లక్షలు చేరుతుంది. అక్కడ ఫండ్ నెలకు ఒక శాతం పెరిగినా ఆ పదివేలూ వాటంతటవే వచ్చేస్తాయి, ఇక మనం వేసేది సున్నా. జీతం పెరుగుతున్న వయసులో మదుపు ఆగిపోతుంది! అందుకే ఎడల్సన్ గీతకు కూడా అంచనా వృద్ధి రేటు కలపమన్నారు. అంచనా ఎక్కువ పెట్టుకుంటే గీత మన జేబును దాటి పరుగెత్తుతుంది, తక్కువ పెట్టుకుంటే మనల్ని ఊరికే కూర్చోబెడుతుంది.

అమ్మకాల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఈక్విటీ ఫండ్ యూనిట్లు ఏడాదిలోపు అమ్మితే లాభంపై 20 శాతం పన్ను, ఏడాది దాటాక అమ్మితే ఏటా 1.25 లక్షలకు మించిన లాభంపై 12.5 శాతం. చాలా పథకాల్లో తొందరగా తీస్తే ఎగ్జిట్ లోడ్ కూడా ఉంటుంది. అందుకని గీత దాటినా అమ్మకుండా ఆ నెల ఊరుకోవడమే మన దగ్గర మేలు. అమ్మని పద్ధతిని ఎడల్సన్ కూడా ఒక ప్రత్యామ్నాయంగా చెప్పారు.

నా అభిప్రాయం అడిగితే, జీతమే ఆధారమైనవాళ్లకు ఈ శ్రమ అక్కర్లేదు. సిప్‌ను పదివేల నుంచి పదకొండు వేలు చేస్తే, అదే ఫండ్‌లో అదే కాలానికి, చివరి మొత్తం సరిగ్గా పది శాతం పెరుగుతుంది, మార్కెట్ ఏం చేసినా సరే. వ్యాల్యూ ఏవరేజింగ్ అలాంటి మాట ఇవ్వలేదు. రిటైరయ్యాక వచ్చిన గ్రాట్యుటీయో, స్థలం అమ్మిన డబ్బో ఇప్పటికే లిక్విడ్ ఫండ్‌లో ఉండి, రెండు మూడేళ్లలో మెల్లగా ఈక్విటీలోకి మళ్లించాలనుకునేవారి సంగతి వేరు. పక్కన ఉంచాల్సిన సొమ్ము వాళ్ల దగ్గర ముందే ఉంది. అలాంటివాళ్లు కూడా ఏ నెలలోనైనా మామూలు వాయిదాకు రెట్టింపు మించి వేయకూడదని హద్దు పెట్టుకోవాలి. ఫలితం చూసుకునేటప్పుడు ఈక్విటీ ఫండ్ ఒక్కదాని ఎక్స్‌ఐఆర్‌ఆర్ కాకుండా, లిక్విడ్ ఫండ్‌లో మిగిలింది కూడా కలిపి మొత్తం రూపాయలను, అదే డబ్బును సమాన వాయిదాల్లో మళ్లించి ఉంటే అయ్యే మొత్తంతో పోల్చాలి.