శివాయలో ‘య’ ఎందుకు?

మాది మూడు తరాలుగా కోయంబత్తూరు. ఇంట్లో తెలుగే గానీ మా అమ్మాయి చదువంతా తమిళం, ఇంగ్లీషు. కిందటి కార్తీకంలో మా అమ్మకు చూపు బాగా మందగించింది. ఆవిడ రోజూ చెప్పుకునే నామాలను మా అమ్మాయి విని తమిళ లిపిలో రాసుకుని, చదివి వినిపించడం మొదలుపెట్టింది. అమ్మకు గుర్తురానివి తానే పూర్తి చేసింది. ‘శివాయ నమః, రామాయ నమః’ బాగానే ఉన్నాయి. ఆ వరసలోనే ‘విష్ణాయ నమః, లక్ష్మాయ నమః’ అని చదివేసరికి అమ్మ, “కాదే తల్లీ, విష్ణవే, లక్ష్మ్యై అనాలి” అంది. ఎందుకంటే మాత్రం చెప్పలేకపోయింది.

ప్రశ్న నా దగ్గరకు వచ్చింది. “శివాయ అంటే ఓ శివా అని పిలవడమే కదా నాన్నా?” నలభై ఏళ్ళుగా నేనూ అలాగే అనుకుంటున్నాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, సంస్కృతం రాదు. పక్కవీధిలో ఉన్న రిటైరయిన సంస్కృతం మాస్టారి దగ్గరకు ఇద్దరం వెళ్ళాం.

పిలుపు కాదన్నారాయన. పిలవాలంటే ‘శివ’ అంటే చాలు. ‘శివాయ’ చతుర్థీ విభక్తి, అంటే ‘శివునికి’ అని. ‘నమః’ అంటే వంగడం, నమస్కారం. నమ్ అనే ధాతువు నుంచి వచ్చింది. ‘నమః’ అన్నప్పుడు ఎవరికి నమస్కరిస్తున్నామో ఆ పేరు చతుర్థిలో ఉండాలని పాణిని సూత్రం. అదే సూత్రంలో స్వాహా కూడా ఉంది. హోమంలో ‘అగ్నయే స్వాహా’ అనేది అందుకే. నా భాషలో చెప్పాలంటే, చలానాలో ‘ఫలానా వారి ఖాతాకు’ అని రాస్తాం చూడండి, ఆ ‘కు’ ఇక్కడి ‘య’. (చిన్నప్పుడు వల్లించిన మన విభక్తుల్లో కిన్, కున్ షష్ఠి కింద ఉంటాయి. అర్థం మాత్రం ఇదే.)

అందరి పేర్లకూ ‘ఆయ’ రాదు. శివ, రామ, గణేశ లాగా అకారంతో ముగిసే పుంలింగ, నపుంసకలింగ పదాలకే అది. ఉకారంతో ముగిసే విష్ణు, గురు పదాలు విష్ణవే, గురవే అవుతాయి. గణపతి ఇకారాంతం కనుక గణపతయే. లక్ష్మి, సరస్వతి అమ్మవార్లు, లక్ష్మ్యై, సరస్వత్యై. దుర్గకు దుర్గాయై. మాస్టారు నవ్వి, “శివాయై నమః అంటే తప్పేం కాదు, అయితే ఆ నమస్కారం పార్వతికి చేరుతుంది” అన్నారు.

శివ అంటే శుభమైన అని మామూలు విశేషణమే. ఋగ్వేదంలో దేవుడి పేరు రుద్రుడు, శివ అనేది గుణం చెప్పే మాట. ఆ గుణమే తరువాత పేరయింది. విభక్తి పదంలోనే ఉండటంతో మాటలు అటూ ఇటూ మారినా అర్థం మారదు. ఇక్కడి శైవులు ‘శివాయనమ’ అన్నా అదే నమస్కారం. నమః, శివాయ కలిపితే నమశ్శివాయ, అదీ ఒప్పే. మా కౌంటర్ దగ్గర నమశ్శివాయం అనే పేరుగల ఖాతాదారులను ఎంతోమందిని చూశాను. ‘శివునికి నమస్కారం’ అనే వాక్యం మొత్తం ఇక్కడ మనిషి పేరయిపోయిందని అప్పుడు తట్టలేదు.

లెక్కల మనిషిని కనుక అక్షరాలు లెక్కపెట్టాను. న, మః, శి, వా, య – ఐదు. పంచాక్షరి సరిపోయింది, ఓం మాత్రం లెక్కలోకి రాలేదు. ‘ఓం నమో నారాయణాయ’ అష్టాక్షరి కదా, అందులో ఓం కలిపితేనే ఎనిమిది! తేడా ఎక్కడో తెలియక అడిగాను. పంచాక్షరికి ఓం బయట, కలిపితే షడక్షరి అంటారు. అష్టాక్షరిలో ఓం లోపలిదేనట. అన్నట్టు, ఓం అంటే అ, ఉ, మ అని విడదీయడం మనకు తెలుసు. ‘సరే’ అని ఒప్పుకునే అక్షరం అని కూడా ఛాందోగ్యోపనిషత్తు చెబుతుందట. కథ వింటూ మనం ‘ఊఁ’ కొట్టడం గుర్తొచ్చింది నాకు.

ఐదు అక్షరాలు పంచభూతాలనే వివరణ కూడా ఉంది. అది భక్తులు, శాస్త్రకారులు చెప్పుకున్న భావం, పదాల అర్థం కాదు.

ఇంటికొచ్చి మా అమ్మాయి కాగితం దిద్దుకుంది. ‘ఓం నమో భగవతే వాసుదేవాయ’ దగ్గర ఆగింది. రెండు పదాలూ చతుర్థే, ‘భగవంతుడైన వాసుదేవునికి’ అని తానే చెప్పింది. ఓంతో కలిపి పన్నెండు అక్షరాలు, లెక్కా సరిపోయింది. కానీ తాను రాసుకున్నది ‘వసుదేవాయ’. వసుదేవుడు తండ్రి, ఆయన కొడుకు వాసుదేవుడు. ఒక్క దీర్ఘం పోయేసరికి నమస్కారం కృష్ణుడికి బదులు వాళ్ళ నాన్నకు వెళుతోంది.

“నేను రోజూ వాసుదేవాయ అనే అంటున్నానే” అంది అమ్మ మంచం మీంచి. “నాకే సరిగ్గా వినపడలేదు నానమ్మా” అంటూ మా అమ్మాయి దీర్ఘం పెట్టింది.