బల్బు వెలిగితే చాలదు

ఆస్ట్రేలియాలో ఎలక్ట్రీషియన్ శిక్షణ ఇచ్చే సంస్థల్లో ప్లైవుడ్ గోడలతో కట్టిన చిన్న చిన్న గదులు వరసగా ఉంటాయి. ఒక్కో గది ఒక్కో ఇంటి నమూనా. అలాంటి గదిలో మూడో ఏడాది అప్రెంటిస్ ఒకడు పరీక్ష ఇస్తున్నాడనుకుందాం. ఒక లైటు, దానికో స్విచ్, ఒక ప్లగ్ పాయింటు, వీటన్నిటికీ ఒక చిన్న బోర్డు. ఇంతే పని. కుర్రాడు వైర్లు ముచ్చటగా లాగాడు, క్లిప్పులు సమాన దూరంలో కొట్టాడు. మీటరు పట్టుకుని ఒక్కో కొలతా తీసి, టెస్టు షీటులో అన్ని గడుల్లోనూ టిక్కు పెట్టి సంతకం చేశాడు. ఇక కరెంటు ఇవ్వడమే తరువాయి అనగా పరీక్షకుడు చెయ్యెత్తి ఆపాడు.

ఆ క్షణంలో కరెంటు ఇచ్చి ఉంటే లైటు వెలిగేదే. స్విచ్ ఆపితే ఆరేది కూడా. చూసేవాళ్లకు ఏ లోపమూ కనిపించదు. కానీ కుర్రాడు సీలింగు దగ్గర కలిపేటప్పుడు వైర్లు తారుమారు చేశాడు. స్విచ్‌కి వెళ్లాల్సిన ఫేజు నేరుగా హోల్డరుకు వెళ్లింది, న్యూట్రల్ స్విచ్ మీదుగా వెళ్లింది. అంటే స్విచ్ ఆఫ్ చేసి, లైటు ఆరింది కదా అని స్టూలెక్కి బల్బు మార్చబోయేవాడి వేళ్ల దగ్గర 230 వోల్టులు కాచుకుని ఉంటాయి. మన ఊళ్లలో పాత ఇళ్లవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. స్విచ్ ఆపినా హోల్డరులో టెస్టరు పెడితే వెలిగే ఇళ్లు ఉంటాయి.

కుర్రాడి తప్పు వైరు కలపడంతోనే ఆగి ఉంటే అది చిన్నదే. పొరపాటు ఎవరైనా చేస్తారు, దాన్ని పట్టుకోవడానికే టెస్టులున్నాయి. ఈ టెస్టుకు పోలారిటీ అని పేరు. కరెంటు తీసేసి, బల్బు ఊడదీసి, బోర్డులో ఫేజు టెర్మినల్‌కి మీటరు ఒక కొస, హోల్డరులో ఫేజు రావాల్సిన చోట రెండో కొస పెడతారు. స్విచ్ ఆన్‌లో ఉంటే మీటరు దాదాపు సున్నా ఓములు చూపాలి. స్విచ్ ఆఫ్ చేయగానే దారి తెగి, మీటరు అనంతం చూపాలి. కుర్రాడు స్విచ్ ఆన్‌లో ఉంచి మొదటి కొలత తీశాడు. సున్నా వచ్చింది. టిక్కు పెట్టాడు. స్విచ్ ఆపి రెండో కొలత తీయనే లేదు. తీసి ఉంటే ఆపినా సున్నాయే చూపేది, తప్పు అక్కడికక్కడే బయటపడేది.

పరీక్షకుడి కాగితం మీద మార్కులకు చోటు లేదు. ఒక్కో అంశం ఎదురుగా రెండే గడులు: వచ్చింది, ఇంకా రాలేదు. ఇంగ్లీషులో దీన్ని ‘కాంపిటెంట్’, ‘నాట్ యెట్ కాంపిటెంట్’ అంటారు. పోలారిటీ ఎదురుగా రెండో గడిలో టిక్కు పడింది.

అదే పనికి నూటికి మార్కులు వేశారనుకుందాం. శుభ్రతకు, కొలతలకు, పనిముట్ల వాడకానికి, వైరింగుకు, టెస్టులకు తలా కొన్ని. పోలారిటీ దగ్గర పది పోయినా కుర్రాడికి ఎనభై అయిదో తొంభయ్యో వస్తాయి, ఫస్టు క్లాసు. అందమైన క్లిప్పులకు వచ్చిన మార్కులు ప్రాణం తీసే తప్పుకు పడ్డ కోతను పూడ్చేస్తాయి. సగటు చేసే పనే అది. మన ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్ ట్రేడుకు ప్రాక్టికల్‌లో 60 శాతం వస్తే పాసు. ఆ మిగతా నలభైలో ఏముందో సర్టిఫికెట్ చెప్పదు. సరిగా కొట్టని క్లిప్పులా, కలపని ఎర్తా అన్నది బయటివాడికి తెలియదు.

నిజానికి పని విషయంలో మనం మాట్లాడుకునే తీరు మార్కుల్లో ఉండదు. ఈత వచ్చా, బండి నడపడం వచ్చా అని అడుగుతాం. వచ్చు, రాదు, లేదా ఇంకా పూర్తిగా రాలేదు అని జవాబిస్తారు. ఈత అరవై రెండు శాతం వచ్చని ఎవరూ అనరు. బ్రిటన్ 1986లో వృత్తి అర్హతల జాతీయ మండలిని పెట్టి ఈ పద్ధతిని వృత్తి విద్యలోకి పెద్ద ఎత్తున తెచ్చింది. ఆస్ట్రేలియా ఆ తర్వాతి దశాబ్దంలో తన వృత్తి శిక్షణనంతా దీని మీదే నిలబెట్టింది. ఫిలిప్పీన్స్, దక్షిణాఫ్రికాల్లోనూ ఇవే మాటలు వాడుకలో ఉన్నాయి.

ఆస్ట్రేలియాలో ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్ మామూలుగా నాలుగేళ్లు. కోర్సును ‘యూనిట్లు’గా విడగొడతారు. ప్రతి యూనిట్‌లో ఏ పని చేసి చూపాలి, అందుకు ఏమేం తెలిసి ఉండాలి, ఎలాంటి చోట, ఏ పనిముట్లతో పరీక్షించాలి అన్నది ముందే రాసి, అందరూ చూసేలా ప్రభుత్వ వెబ్‌సైటులో పెడతారు. ‘వచ్చింది’ అన్న తీర్పు అసలు మొత్తం యూనిట్‌కి ఇచ్చేది. అందులోని ఒక్కో పనికి ‘తృప్తికరం’, ‘ఇంకా తృప్తికరం కాదు’ అని రాసే సంస్థలూ ఉన్నాయి. పేరేదైనా లెక్క ఒకటే. ఒక్క పని మిగిలిపోయినా యూనిట్ పూర్తయినట్టు కాదు.

పరీక్ష గదిలో ఒక్కసారి చేసి చూపితే సరిపోతుందా? ఒక్కసారి అదృష్టం కూడా కలిసి రావచ్చు. అందుకే పరీక్షకుడు ఆధారాలు పోగు చేస్తాడు. అప్రెంటిస్ నిజమైన సైట్లలో ఏ వారం ఏ పని చేశాడో రాసుకునే రికార్డు ఉంటుంది, దాన్ని పైనున్న ఎలక్ట్రీషియన్ ధ్రువీకరించాలి. రాత ప్రశ్నలుంటాయి. గదిలో చేసి చూపే పని ఉంటుంది. ఈ ఆధారాలకు అక్కడి నియమావళి నాలుగు షరతులు పెట్టింది: అడిగిన నైపుణ్యానికి సంబంధించినవై ఉండాలి, సరిపడా ఉండాలి, ఆ మనిషి సొంతంగా చేసినవే అయి ఉండాలి, పాతబడిపోయి ఉండకూడదు.

ఇలాంటి ఆధారం ఎంత సూక్ష్మంగా చూడాలో కరెంటు తీసి పనిచేయడం దగ్గర బాగా తెలుస్తుంది. ఎంసీబీ ఆపాలి, ఎవరూ మళ్లీ వేయకుండా దానికి తాళం వేయాలి, తన పేరున్న ట్యాగు తగిలించాలి. తర్వాత వైరులో కరెంటు లేదని టెస్టరుతో చూసుకోవాలి. ఇక్కడే మూడు అడుగులున్నాయి. టెస్టరు ముందు కరెంటు ఉన్నదని తెలిసిన చోట పెట్టి, అది పనిచేస్తోందని చూడాలి. తర్వాత ఆపిన వైరు మీద పెట్టాలి. మళ్లీ మొదటి చోటే పెట్టి చూడాలి. మూడో అడుగు చాలామందికి చాదస్తంగా తోస్తుంది. కానీ మొదటి అడుగుకీ రెండో అడుగుకీ మధ్య టెస్టరు బ్యాటరీ అయిపోతేనో, దాని వైరు తెగితేనో, కరెంటున్న వైరు మీద కూడా అది మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని నమ్మినవాడు చెయ్యి పెడతాడు. మూడో అడుగు వదిలేసిన అభ్యర్థికి కాగితం మీద పడేది ‘ఇంకా రాలేదు’ అనే.

ఆ ‘ఇంకా’ అన్న మాటకు పద్ధతిలో ఒక స్థానం ఉంది. ఫెయిలైతే పరీక్ష మొదటి నుంచి మళ్లీ రాయాలి. ఇక్కడ పరీక్షకుడు ఏ అడుగు తప్పిందో రాసి ఇవ్వాలి, అభ్యర్థి దాన్ని సాధన చేసుకుని, ఆ భాగానికే మళ్లీ వస్తాడు. అయితే అవకాశాలు లెక్కలేనన్ని ఉండవు. ఎన్నిసార్లు రానివ్వాలో సంస్థలు తమ నియమాల్లో రాసుకుంటాయి. పైగా, కరెంటు ఉన్న చోట చెయ్యి పెట్టబోయినవాణ్ని పరీక్షకుడు అక్కడే ఆపేస్తాడు, ఆ రోజుకు పరీక్ష అయిపోయినట్టే.

పద్ధతి బాగుంది గానీ, దాని బలమంతా పరీక్షకుడి నోటి మీద ఆధారపడి ఉంది. ఎలాగంటే, కుర్రాడు రెండో కొలత తీయకుండా షీటు తిప్పబోతుంటే, పక్కనున్న పెద్దాయన జాలిపడి “ఇంకోసారి చూసుకో బాబూ” అన్నాడనుకోండి. కుర్రాడికి విషయం అర్థమవుతుంది, స్విచ్ ఆపి కొలుస్తాడు, తప్పు దిద్దుకుంటాడు. కాగితం మీద ‘వచ్చింది’. కానీ వచ్చింది ఎవరికి? పెద్దాయనకు. రేపు ఆ కుర్రాడు ఒంటరిగా ఎవరింట్లోనో స్టూలెక్కినప్పుడు వెనక నుంచి ఆ మాట అనేవాళ్లుండరు. అందుకే మంచి సంస్థలు పరీక్షకుడికి ఇచ్చే సూచనల్లో ఏ జవాబు సరైనదో, ఏది అడగవచ్చో, ఎక్కడ నోరు మెదపకూడదో ముందే రాసిస్తాయి.

రెండో చిక్కు జాబితాలోనే ఉంటుంది. ‘పోలారిటీ టెస్టు చేశాడు’ అని ఒకే గడి ఉంటే, స్విచ్ ఆన్‌లో తీసిన ఒక్క కొలతకూ టిక్కు పడిపోతుంది. ‘స్విచ్ ఆన్‌లోనూ, ఆఫ్‌లోనూ కొలిచాడు’ అని రాస్తేనే తేడా పట్టుబడుతుంది. అలాగని ప్రతి చిన్న కదలికకూ ఒక గడి పెడితే కాగితాలు కట్టలకొద్దీ పెరుగుతాయి, పరీక్షకుడు మనిషిని వదిలి కాగితాన్నే చూస్తూ కూర్చుంటాడు. నలభై చిన్న పనులు విడివిడిగా వచ్చినవాడు వాటిని కలిపి ఒక ఇంటి వైరింగు పూర్తి చేయగలడన్న హామీ కూడా లేదు. ఆ కోర్సులో చివరన, నేర్చినదంతా ఒకచోట పెట్టి వైరింగు డిజైన్ చేసి, బిగించి, నిబంధనల ప్రకారం ఉందో లేదో తేల్చే యూనిట్ పెట్టింది ఇందుకే. మెగ్గరుతో 500 వోల్టుల డీసీ పంపి ఇన్సులేషన్ చూసేటప్పుడు మామూలు సర్క్యూట్లకు కనీసం ఒక మెగోమ్ రావాలన్నలాంటి కొలమానాలను ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఉమ్మడి వైరింగు నిబంధనల పుస్తకం నుంచి తీసుకుంటారు.

ఇంకో లోటు కూడా ఉంది. ఈ పద్ధతిలో అద్భుతంగా చేసినవాడికీ, బొటాబొటిగా గట్టెక్కినవాడికీ ఒకే మాట. పని ఇచ్చే కాంట్రాక్టరుకు ఎవరు మెరుగో సర్టిఫికెట్ చెప్పదు. వేగం సంగతి కూడా అంతే. నియమంలో గడువు రాసి లేకపోతే, పూట పని రోజంతా చేసినవాడూ సమర్థుడే. అన్ని రాష్ట్రాలూ సర్టిఫికెట్ చూసి లైసెన్సు ఇచ్చేయవు కూడా. విక్టోరియా రాష్ట్రంలో కోర్సు పూర్తయ్యాక లైసెన్సు కోసం విడిగా థియరీ, ప్రాక్టికల్ పరీక్షలు పెడతారు.

ఇక్కడి ఐటీఐలో చదివి, పదేళ్లు వైరింగు చేసి, ఆస్ట్రేలియా వెళ్లాలనుకునే ఎలక్ట్రీషియన్‌కు ఈ రెండు గడులు మరోలా ఎదురవుతాయి. అక్కడివాళ్లు ముందు అతని పత్రాలు, అనుభవం చూసి, తర్వాత పని చేయించి, ప్రశ్నలడిగి చూస్తారు. నెగ్గినా పూర్తి లైసెన్సు వెంటనే చేతికి రాదు. అక్కడి నిబంధనలకు సంబంధించిన శిక్షణ పూర్తి చేస్తూ, లైసెన్సున్నవాడి పర్యవేక్షణలో కొంతకాలం పనిచేయాలి. విద్యుత్తు ఇక్కడా అక్కడా ఒకటే అయినా, వైరింగు నియమాల దగ్గర అతనికి పడేది ముందుగా ‘ఇంకా’ అన్న గడే.

ప్లైవుడ్ గది కుర్రాడు రెండు వారాల తర్వాత మళ్లీ వచ్చాడనుకుందాం. ఈసారి గది వేరు, వైర్లు పరీక్షకుడే ముందుగా కలిపి ఉంచాడు, సరిగానో తారుమారుగానో చెప్పలేదు. కుర్రాడు బల్బు ఊడదీశాడు, మీటరు కొసలు పెట్టాడు. స్విచ్ ఆన్‌లో సున్నా. పరీక్షకుడు కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. కుర్రాడు కాసేపు ఆగి, చెయ్యి చాపి స్విచ్ ఆపాడు. మీటరు ఇంకా సున్నాయే చూపిస్తోంది. షీటు మీద టిక్కు పెట్టకుండా, స్క్రూడ్రైవరు తీసుకుని సీలింగు వైపు చూశాడు.